'జర ఈ లోగో ఫిక్స్ చెయ్యి' అంటే ఏం చేయాలి? 500 లేబుళ్లు పాడయ్యాక నేను నేర్చుకున్నది

పోయిన ఆవకాయ సీజన్ లో మా పక్క లైన్ లో ఉండే అక్క వాట్సాప్ లో ఒక ఫొటో పంపింది. కింద ఒకే ఒక్క మెసేజ్: "తమ్మీ, జర ఈ లోగో ఫిక్స్ చేసియ్యవా?"

మాది గోదావరిఖని. అక్క వాళ్లది సింగరేణి క్వార్టర్. బావ గనిలో పని చేసి రిటైర్ అయ్యాక అక్క ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ముందు తెలిసినవాళ్లకే ఇచ్చేది. తర్వాత రామగుండం, మంచిర్యాల నుంచి కూడా ఆర్డర్లు రావడం మొదలైంది. అందుకే సీసాలకి మంచి లేబుల్ వేయిద్దామనుకుంది.

లోగో సింపుల్ గా ఉంటుంది. ఎర్రటి గుండ్రం, మధ్యలో తెల్ల జాడీ, జాడీ పక్కన ఎరుపు మీదే ఒక ఆకుపచ్చ మామిడాకు. గుండ్రం కింద ఎర్ర అక్షరాలతో "రుచులు" అని ముగిసే పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఒక ట్యాగ్ లైన్. వెనక అంతా తెల్ల బ్యాక్ గ్రౌండ్.

ఫోన్ లో ఉన్న ఒక బ్యాక్ గ్రౌండ్ ఎరేజర్ యాప్ తో తెలుపు తీసేశా, కాస్త షార్ప్ చేశా, వాట్సాప్ లోనే తిరిగి పంపేశా. మొత్తం ఐదు నిమిషాల పని. అక్క దాన్ని అలాగే ప్రెస్ కి ఫార్వర్డ్ చేసింది. మూడు రోజుల తర్వాత 500 లేబుళ్లు వచ్చాయి. పసుపు పచ్చ లేబుల్ మీద తెల్ల డబ్బా, ఆ డబ్బాలో అంచులు మసకబారిన లోగో. ప్రెస్ వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకి వచ్చిన ఫైల్ నే వాళ్లు ప్రింట్ చేశారు. ఆ డబ్బులు నేనే ఇచ్చి, ఈసారి సరిగ్గా చేద్దామని కూర్చున్నా. ఆ రెండోసారి ఏం చేశానో స్టెప్ బై స్టెప్ చెప్తా.

ముందు అడగాల్సింది: ఇది ఎక్కడ వాడతారు?

"ఫిక్స్" అనే మాటలో చాలా పనులు దాక్కుని ఉంటాయి. ఒకరికి మసక పోవాలి, ఒకరికి తెల్ల డబ్బా పోవాలి, ఇంకొకరికి పెద్ద ఫ్లెక్సీకి సరిపోయేలా కావాలి. "ఏం ఫిక్స్ చేయాలి?" అని అడిగితే సమాధానం రాదు, ఎందుకంటే అడిగినవాళ్లకీ అది తెలియదు. "ఎక్కడ పెడతారు?" అని అడిగితే వెంటనే చెప్తారు.

అక్క నాలుగు చెప్పింది. సీసా మీద లేబుల్, అందులో లోగో వెడల్పు 3 అంగుళాలు. ఇంటి ముందు ఫ్లెక్సీ, అందులో లోగో వెడల్పు 2 అడుగులు. వాట్సాప్ బిజినెస్ డీపీ. ఇంకా బిల్లులు కొట్టడానికి కొన్న చిన్న 58 ఎంఎం బ్లూటూత్ ప్రింటర్. ఈ లిస్ట్ చేతికి వచ్చాకే అసలు పని ఏంటో అర్థమైంది.

అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఇందులో ముట్టుకోకూడనిది ఏంటి? ఆ మామిడాకు కాస్త వంకరగా ఉంది. నేనైతే దాన్ని చక్కగా సరిచేసేవాణ్నే. అడిగితే అక్క, "అయ్యో తమ్మీ, అది మా బిడ్డ గీసింది. దాన్ని ముట్టకు" అంది. నాకు తప్పుగా కనిపించిన వంకరే ఆ లోగోలో వాళ్లకి ఇష్టమైన భాగం.

ఇంకోవైపు, ట్యాగ్ లైన్ లో "స్వచ్చమైన" అని ఉంది. చ కింద చ వత్తు పడింది, ఛ వత్తు పడాలి. ఇది నిజంగానే తప్పు. అయినా చెప్పకుండా మార్చలేదు, చూపించి అడిగా. "మంచిగ చెప్పినవ్, మార్చు" అంది. లోగో ఫిక్స్ చేసేటప్పుడు నేను పెట్టుకున్న రూల్ ఇదే: ఫైల్ లోని లోపాన్ని మనమే తీసేయొచ్చు, డిజైన్ లో ఏం మార్చాలన్నా ఓనర్ ని అడగాలి.

ఫైల్ లో నిజంగా ఎంత సరుకు ఉంది?

ఫొటో ఫోన్ స్క్రీన్ మీద బాగానే కనిపిస్తుంది. అది ప్రింట్ కి సరిపోతుందో లేదో తెలియాలంటే పిక్సెల్స్ లెక్క చూడాలి. ఫైల్ మొత్తం సైజు చూస్తే సరిపోదు, చుట్టూ ఉన్న ఖాళీ తెలుపు తీసేస్తే మిగిలేదెంత అన్నదే ముఖ్యం. ఇమేజ్ మ్యాజిక్ అనే ఫ్రీ టూల్ లో ఒక్క లైన్ తో ఇది తెలిసిపోతుంది:

```
magick logo.jpg -fuzz 8% -trim info:
```

జేపీజీలో తెలుపు ఎప్పుడూ పక్కా తెలుపుగా ఉండదు. కంప్రెషన్ వల్ల అంచుల దగ్గర సన్నని మురికి లాంటి పిక్సెల్స్ ఉంటాయి. "తెలుపుకి 8% దగ్గరగా ఉన్నదాన్ని కూడా తెలుపే అనుకో" అని చెప్పడానికే ఆ `-fuzz`.

అక్క ఫైల్ 800x800. ట్రిమ్ చేస్తే మిగిలింది 410x520. ఇప్పుడు లెక్క చూడండి. లేబుల్ మీద 3 అంగుళాల వెడల్పుకి 410 పిక్సెల్స్ అంటే అంగుళానికి సుమారు 137. చేతిలో పట్టుకుని దగ్గర నుంచి చూసే ప్రింట్ కి 300 అడుగుతారు. అంటే వెడల్పులో 900 పిక్సెల్స్ ఉండాలి, మన దగ్గర సగం కూడా లేవు. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 ఉన్నా నడుస్తుంది. కానీ 2 అడుగులంటే 24 అంగుళాలు, అంటే 1728 పిక్సెల్స్ కావాలి. మన 410 ని అక్కడ సాగదీస్తే అంగుళానికి 17 వస్తాయి.

యాప్ లో సైజు నాలుగు రెట్లు పెంచితే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. అలా పెంచితే పిక్సెల్స్ సంఖ్య పెరుగుతుంది, వివరం మాత్రం పెరగదు. నేను మొదటిసారి వేసిన షార్ప్ ఫిల్టర్ చేసింది ఇంకా ఘోరం. అక్షరాల చుట్టూ ఉన్న ఆ జేపీజీ మురికినే అది స్పష్టంగా చూపించింది. లెక్క ఇంత తక్కువ వచ్చినప్పుడు పిక్సెల్స్ ని బాగుచేస్తూ కూర్చోవడం వేస్ట్. లోగోని వెక్టర్ గా మళ్లీ గీయడమే దారి.

తెలుపు తీయడంలో ఉన్న మెలిక

వెక్టర్ కి వెళ్లే ముందు బ్యాక్ గ్రౌండ్ విషయం చెప్పాలి. అందరూ ఆగిపోయేది ఇక్కడే, పైగా వెక్టర్ గీసేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంది. ప్రయోగం కోసం రెండు పద్ధతులూ ట్రై చేశా. మొదటిది:

```
magick logo.jpg -fuzz 8% -transparent white a.png
```

ఇది చిత్రంలో తెలుపు ఎక్కడ కనబడినా తీసేస్తుంది. బ్యాక్ గ్రౌండ్ పోయింది, దాంతోపాటు తెల్ల జాడీ కూడా పోయింది. జాడీ ఉన్న చోట కన్నం పడింది. పసుపు లేబుల్ మీద పెడితే జాడీ పసుపు రంగులో కనిపిస్తుంది. రెండోది:

```
magick logo.jpg -bordercolor white -border 1x1 -alpha set -channel RGBA -fuzz 8% -fill none -floodfill +0+0 white -shave 1x1 b.png
```

ఇది మూల నుంచి మొదలై నీళ్లు పారినట్టు బయటి తెలుపుని మాత్రమే తీస్తుంది. జాడీ చుట్టూ ఎరుపు ఉంది కాబట్టి అక్కడికి చేరలేదు, జాడీ భద్రం. కానీ కింద పేరులో "రు" చూడండి. ఆ అక్షరం గుండ్రం లోపల కొంచెం తెలుపు ఉంటుంది. చుట్టూ అక్షరం గీత మూసేసి ఉండటంతో నీళ్లు అక్కడికీ చేరలేదు. పసుపు లేబుల్ మీద పెడితే అక్షరాల కడుపులో తెల్ల చుక్కలు మిగిలాయి. మన తెలుగు లిపి అంతా గుండ్రాలే కాబట్టి ఈ సమస్య మనకి ఇంకాస్త ఎక్కువ.

రెండు చోట్లా ఉన్నది ఒకే తెలుపు. జాడీలోని తెలుపు డిజైన్ లో భాగం కాబట్టి ఉండాలి. అక్షరం లోపలి తెలుపు వెనక ఉన్న కాగితం కాబట్టి పోవాలి. ఈ తేడా పిక్సెల్ లో రాసి ఉండదు, అందుకే ఏ ఒక్క కమాండూ రెండు చోట్లా సరిగ్గా చేయలేదు. మూసుకుపోయిన ప్రతి తెల్ల భాగాన్నీ చూసి, ఇది రంగా, ఖాళీయా అని మనమే తేల్చాలి.

మొదటిసారి నాకు ఇవేవీ ఎందుకు కనబడలేదంటే, నేను చెక్ చేసిన స్క్రీన్ కూడా తెలుపే. తెలుపు మీద పెట్టి చూస్తే కన్నం, చుక్క, అంచున మిగిలే తెల్లటి జాలర్ ఏవీ కనబడవు. అందుకే ఇప్పుడు ఏ లోగో అయినా మూడు రంగుల మీద పెట్టి చూస్తా: నలుపు, ముదురు పసుపు, ఆ లోగోలోనే ఉన్న ప్రధాన రంగు. ఈ మూడో టెస్ట్ లో ఇంకో విషయం బయటపడింది. ఎర్రటి కవర్ మీద పెడితే అక్క లోగో గుండ్రం, పేరు రెండూ మాయం! అలాంటి చోట వాడటానికి చుట్టూ తెల్ల అంచుతో ఇంకో కాపీ కావాలని అప్పుడే తెలిసింది.

ఆటో ట్రేస్ కి తెలుగు రాదు

ఇంక్ స్కేప్ లో Trace Bitmap అని ఒక ఆప్షన్ ఉంది. బొమ్మని దానంతట అదే వెక్టర్ చేస్తుంది. పెద్ద, స్పష్టమైన బొమ్మకి బాగా పని చేస్తుంది. 410 పిక్సెల్స్ ఉన్న జేపీజీకి కాదు. గుండ్రం గడ్డలు కట్టినట్టు వచ్చింది, ట్యాగ్ లైన్ అయితే చదవలేకపోయాం.

తెలుగు అక్షరాల దగ్గర ఒక ప్రమాదం ఉంది, ఇది గుర్తుపెట్టుకోండి. మురికి చుక్కలు తీసేయడానికి అందులో Speckles అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని పెంచితే మురికి పోతుంది. కానీ ర కి, ఠ కి మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. ద కి, ధ కి మధ్య తేడా కింద ఉండే చిన్న గీత. చిన్న సైజులో ఉన్న అక్షరాల్లో ఇలాంటివన్నీ ట్రేస్ కి మురికిలాగే కనబడతాయి. అక్షరం అందంగానే వస్తుంది, కాకపోతే వేరే అక్షరంగా వస్తుంది. అందుకే ట్రేస్ చేసిన తెలుగుని ఒరిజినల్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చదవాలి.

గుండ్రం, జాడీ చేత్తోనే గీశా. అసలు ఫొటోని ఒక లేయర్ లో పెట్టి, సగం పారదర్శకం చేసి, లాక్ చేశా. దాని మీద ఎలిప్స్ టూల్ తో గుండ్రం, పెన్ టూల్ తో జాడీ. ఆకుని మాత్రం వంకర పోకుండా ఆ అంచు మీదే నెమ్మదిగా నడిపించా. రంగుల కోసం డ్రాపర్ పెడితే ఒక్కో చోట ఒక్కో ఎరుపు చూపించింది, అదీ జేపీజీ పుణ్యమే. అంచులకి దూరంగా, మధ్యలో సాఫీగా ఉన్న చోట నాలుగైదు సార్లు చూసి, ఎరుపు `#C81E1E`, ఆకుపచ్చ `#147832` అని ఖాయం చేశా.

ఇక అక్షరాలు. వీటిని గీయకూడదు, అదే ఫాంట్ దొరికితే టైప్ చేయాలి. గూగుల్ ఫాంట్స్ లో ఉన్న రామభద్ర, మల్లన్న, సురవరం, ఎన్‌టీఆర్ అన్నీ ఫొటో మీద పెట్టి చూశా. ఏదీ కూర్చోలేదు. అప్పుడు అడిగా, ఇది మొదట ఎవరు చేశారని. లక్ష్మీనగర్ లో ఒక డీటీపీ షాప్ అని తెలిసింది. నిజానికి ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది. ఒరిజినల్ ఫైల్ దొరికితే ఈ పనిలో సగం ఉండదు.

మన దగ్గర డీటీపీ షాపుల్లో ఏళ్లుగా కోరల్ డ్రాలో అను ఫాంట్స్ తో పని చేస్తున్నారు. ఇవి యూనికోడ్ ఫాంట్స్ కావు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్ ల మీద తెలుగు ఆకారాలు కూర్చోబెట్టి ఉంటాయి. అందుకే ఆ ఫాంట్ లేని కంప్యూటర్ లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. అలాంటి ఫైల్ మీకు వస్తే అది పాడైందనుకోకండి.

షాప్ అన్న దగ్గర పాత ఫైల్ లేదు, మధ్యలో సిస్టమ్ ఫార్మాట్ అయ్యిందట. కానీ ఫాంట్ ఉంది. పేరునీ, సరిచేసిన ట్యాగ్ లైన్ నీ మళ్లీ టైప్ చేసి, సెలెక్ట్ చేసి Ctrl+Q కొట్టాడు. కోరల్ లో అది Convert to Curves. అప్పటినుంచి అది టెక్స్ట్ కాదు, ఉత్త ఆకారం. ఏ కంప్యూటర్ లో తెరిచినా అలాగే ఉంటుంది. దాన్ని పీడీఎఫ్ గా తెచ్చి నా ఫైల్ లోని ఫొటో మీద పెడితే పేరు గీతకి గీత సరిపోయింది. ఇంక్ స్కేప్ లో ఇదే పనికి Object to Path వాడాలి.

నలుపు కాపీ: గ్రేస్కేల్ చేస్తే ఆకు మాయం

బిల్ ప్రింటర్ దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. 58 ఎంఎం థర్మల్ ప్రింటర్లలో సాధారణంగా లైన్ కి 384 చుక్కలు ఉంటాయి, ప్రతి చుక్కా నలుపు లేదా ఖాళీ. గ్రే అనేదే లేదు. లోగోని గ్రేస్కేల్ చేసి పంపిస్తే ఆకు కనబడలేదు.

కారణం లెక్కలో ఉంది. గ్రే విలువ తీయడానికి ఎరుపుని 0.299 తో, ఆకుపచ్చని 0.587 తో, నీలాన్ని 0.114 తో గుణించి కలుపుతారు. అక్క ఎరుపు 200, 30, 30. దాని గ్రే సుమారు 81. ఆకు 20, 120, 50. దాని గ్రే సుమారు 82. కంటికి ఎంతో తేడాగా ఉన్న రెండు రంగులూ గ్రేలో ఒకటే అయిపోయాయి.

కాబట్టి నలుపు కాపీ విడిగా చేయాలి. గుండ్రం నలుపు, జాడీ ఖాళీ, ఆకు కూడా ఖాళీ చేసి మధ్యలో ఈనె ఒక్కటే నల్ల గీత. ట్యాగ్ లైన్ ఈ సైజులో వత్తులు కలిసిపోయి ముద్ద అవుతోంది, అందుకే ఈ కాపీలో దాన్ని తీసేశా. ఇది డిజైన్ మార్పే కాబట్టి అక్కకి బిల్లు ప్రింట్ చూపించి, సరే అన్నాకే ఉంచా.

```
inkscape black.svg --export-type=png --export-width=384 --export-filename=b384.png
magick b384.png -background white -flatten -threshold 50% bill.png
```

రబ్బర్ స్టాంప్ కి, ఒకే రంగులో ప్రింట్ వేసే క్యారీ బ్యాగ్ కి కూడా ఈ నలుపు వెక్టరే పనికొస్తుంది.

చివరగా ఇచ్చింది ఏంటి, ఎలా ఇచ్చా

ఒక ఫోల్డర్ లో ఐదు ఫైళ్లు పెట్టా. ప్రెస్ కి, ఫ్లెక్సీకి అక్షరాలన్నీ కర్వ్స్ చేసిన పీడీఎఫ్. మార్పులు చేయడానికి ఎస్‌వీజీ. ఫోన్ లో ఎక్కడైనా పెట్టుకోవడానికి 2000 పిక్సెల్స్ వెడల్పున్న ట్రాన్స్ పరెంట్ పీఎన్‌జీ. నలుపు కాపీ. డీపీకి చదరంగా, పేరు లేకుండా గుండ్రం బొమ్మ ఒక్కటే, చుట్టూ కొంచెం ఖాళీతో. వాట్సాప్ డీపీని గుండ్రంగా కత్తిరిస్తుంది, అందుకని మూలల్లో ఏమున్నా పోతుంది. ఎరుపు మీద వాడే తెల్ల అంచు కాపీని అవసరం పడినప్పుడు ఎస్‌వీజీ నుంచి తీసిస్తానని చెప్పా.

నా మొదటి తప్పు అసలు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చెప్తా. ట్రాన్స్ పరెంట్ పీఎన్‌జీని వాట్సాప్ లో ఫొటోగా పంపితే అది మళ్లీ జేపీజీ అయిపోతుంది. జేపీజీలో ట్రాన్స్ పరెన్సీ అనేదే ఉండదు కాబట్టి వెనక మళ్లీ రంగు వచ్చేస్తుంది. అలాగే నేను తీసేసిన తెల్ల డబ్బా దారిలోనే తిరిగి వచ్చింది. ఇప్పుడు లోగో ఏదైనా డాక్యుమెంట్ గానే పంపుతా, అక్కకి కూడా అదే చెప్పా: "అక్కా, ఫార్వర్డ్ చేసేటప్పుడు గ్యాలరీ నుంచి పంపకు, ఈ ఫైల్ నే పంపు." ప్రెస్ లో ముందు ఒక్క లేబుల్ కొట్టించి చూశాకే మిగతావి వేయించాం. స్క్రీన్ మీద కన్నా ఎరుపు కొంచెం డల్ గా వచ్చింది. ఇంకుల్లో స్క్రీన్ లోని అన్ని రంగులూ రావు, అది మామూలే. అక్కకి నచ్చింది.

ఇలా మళ్లీ గీయడం ఓనర్ అడిగిన లోగోకే. మొన్న ఒక ఫ్రెండ్ క్రికెట్ టీమ్ జెర్సీ కోసం ఒక పెద్ద కంపెనీ లోగో స్క్రీన్ షాట్ పంపి, "ఫిక్స్ చెయ్యి మామా" అన్నాడు. అది మనం గీసేది కాదు. వాడుకోవడానికి పర్మిషన్ తీసుకుని, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్ ఫైల్ అడగమని చెప్పా.

పాడైన 500 లేబుళ్లు అక్క పారేయలేదు. వెనక వైపు తెల్లగా ఉంది కదా అని, ఏ ఆర్డర్ ఎవరిదో రాసి సీసాలకి దారంతో కడుతోంది. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నా మొదటి ఫిక్స్ నాకు కనబడుతూనే ఉంటుంది.